మూడేళ్ల చంద్ర పునరాగమన చక్రాలు: ఒక గుమస్తా లెక్క

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మూడేళ్లుగా ప్రతి నెలా నా చంద్ర పునరాగమన చక్రం వేసుకుంటున్నాను. పుట్టినప్పుడు చంద్రుడు ఏ డిగ్రీ మీద ఉన్నాడో, మళ్లీ సరిగ్గా అక్కడికి వచ్చే క్షణానికి వేసే జాతక చక్రం ఇది. సగటున 27 రోజుల 8 గంటలకు ఒకసారి, అంటే జన్మనక్షత్రం నాడే పడుతుంది. తాజికం అనే వార్షిక ఫల పద్ధతిలోని మాస ప్రవేశ చక్రం వేరు, దానికి ఆధారం సూర్యుడు.

నాది రోహిణి రెండో పాదం. ఈ చక్రాల్లో చంద్రుడు ఎప్పుడూ అక్కడే ఉంటాడు కనుక చూడవలసింది లగ్నాన్ని, అంటే ఆ క్షణాన తూర్పున ఉదయించే రాశిని. నెలనెలా అది నాలుగైదు రాశులు దూకుతుంది, ఇళ్లను లగ్నం నుంచే లెక్కపెడతారు కనుక దానితో చంద్రుడు పడే ఇల్లు మారుతుంది. ఆ నెల మనసు దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఇల్లే చెబుతుందంటారు.

మొదటి ఏడాదంతా నేను చూసినవి తప్పు చక్రాలు. మన పంచాంగాలది నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన పద్ధతి. ఫోనులోని యాప్ విషువత్తు నుంచి లెక్కించే సాయన పద్ధతిలో ఉందని గమనించలేదు. ఈ రెంటి మధ్య తేడాను అయనాంశ అంటారు, అది ఏటా సుమారు 50 వికలలు పెరుగుతుంది. 60 వికలలు ఒక కళ. నాకు 42 ఏళ్లు కనుక పుట్టినప్పటి నుంచి పెరిగిన తేడా 35 కళలు, అంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువ. చంద్రుడు అంత దూరం నడవడానికి గంటకు పైగా పడుతుంది. ఆ గంటలో లగ్నం సగం రాశి జరుగుతుంది. ఒక కృష్ణాష్టమి నాడు నిరయనం ప్రకారం క్షణం మధ్యాహ్నం 2:10, లగ్నం ధనుస్సు, చంద్రుడు ఆరో ఇంట: అప్పులు, అనారోగ్యం, రోజువారీ చాకిరి. యాప్ చూపింది 1:05, చంద్రుడు ఏడో ఇంట: భార్యతో మాటలు. ఆ నెల నేను ఇంట్లో అనవసరంగా అణిగిమణిగి ఉన్నాను!

పుట్టిన సమయం విషయంలోనూ ఇదే చిక్కు. అమ్మ చెప్పే సమయానికీ ఆసుపత్రి చీటీకీ 20 నిమిషాల తేడా ఉంది. పునరాగమన క్షణం కూడా దాదాపు అంతే జరిగి, లగ్నం ఐదు డిగ్రీలు కదులుతుంది. రాశి అంచున ఉంటే ఇల్లే మారిపోతుంది.

బాగా కుదిరినట్టు అనిపించింది కార్తీకంలో. రోహిణి వాళ్లకు అప్పుడు ఈ క్షణం పున్నమి పక్కన పడుతుంది, మనసు నిలవదని ఫలితం. నిజమే, ఏటా నాకు నిద్ర ఉండదు. కానీ సాగర్ ఎడమ కాలువ కింద వరి కోసి మిల్లుకు వడ్లు వచ్చి పడేదీ అప్పుడే. లారీల వరుస ముందు చంద్రుడిని తప్పుపట్టడం ఎలా?

అందుకే నిరుడు తమ్ముడితో ప్రతి నెలా రెండు చీటీలు రాయించాను. ఒకటి అసలు లగ్నం ఫలితం, రెండోది వాడు కల్పించిన లగ్నానిది. నెల గడిచాక ఏది కుదిరిందో నేను చెప్పాలి. 13 సార్లలో అసలుది పట్టుకున్నది ఏడు సార్లు. బొమ్మాబొరుసూ వేసినా అంతే వచ్చేది.

యాప్ ఇంకా తీసేయలేదు. చక్రం పడే రోజున, లగ్నం చూడకముందే, గడిచిన నెల ఎలా ఉందో నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాస్తున్నాను. అవి మాత్రం తిరిగి చదువుతున్నాను.