సర్టిఫికెట్‌లో ‘స్ట్రాంగ్ బ్లూ’ అని ఉన్న రాయిని ఏళ్లుగా వాడుతున్నాక

2017లో కొన్న, ఒకే వజ్రం ఉన్న సాలిటైర్ ఉంగరం సమీక్ష ఇది. రాయి 0.72 క్యారెట్ల రౌండ్, రంగు హెచ్, క్లారిటీ వీఎస్1, కట్ ఎక్సలెంట్. వజ్రాలకు గ్రేడు ఇచ్చే జీఐఏ ల్యాబ్ సర్టిఫికెట్‌లో ఫ్లోరసెన్స్ అన్నచోట ‘స్ట్రాంగ్ బ్లూ’ అని ఉంది. ఆ మాట వల్లే రేటు తగ్గింది, ఆ మాట చూసే ఇంట్లో సగం మంది వద్దన్నారు. అప్పట్నుంచి ఈ ఉంగరం వంటింట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో వేలికే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాస్త పసుపు ఛాయ ఉండే హెచ్, ఐ, జె రంగుల్లో, రాయిని ఎండలో చూసుకుని, సరైన తగ్గింపు ఇస్తే స్ట్రాంగ్ బ్లూ నిశ్చింతగా కొనచ్చు. అన్నిటికన్నా తెల్లగా ఉండే డి, ఇ, ఎఫ్ రంగుల్లో మాత్రం నేనైతే తీసుకోను.

అల్ట్రావయొలెట్ కాంతి పడినప్పుడు కొన్ని వజ్రాలు తమంతట తామే వెలుగు చిమ్ముతాయి. ఆ కాంతి ఆపగానే వెలుగూ పోతుంది. అదే ఫ్లోరసెన్స్. నీలం వెలుగుకు కారణం రాయిలో ఉన్న నైట్రోజన్. వజ్రపు అమరికలో ఒక కార్బన్ స్థానం ఖాళీగా ఉండి, దాని చుట్టూ మూడు నైట్రోజన్ పరమాణువులు చేరితే ఆ గుణం వస్తుంది. భూమి లోపల రాయి పెరిగినప్పటి సంగతి కాబట్టి వాడకంతో అది తగ్గదు, పెరగదు. ఇది అరుదైనదీ కాదు. జీఐఏకి వచ్చే వజ్రాల్లో దాదాపు 25 నుంచి 35 శాతం రాళ్లకు ఎంతో కొంత ఫ్లోరసెన్స్ ఉంటుంది. వాటిలో 95 శాతానికి పైగా నీలమే. పసుపు వెలుగిచ్చేవి తక్కువ. అవి ఎండలో రాయిని ఇంకా పచ్చగా చూపిస్తాయి కాబట్టి ‘ఎల్లో’ అని కనిపిస్తే వదిలేయండి.

సర్టిఫికెట్‌లో ఈ వివరం కట్, కలర్, క్లారిటీ పక్కన ఉండదు. కింద పాలిష్, సిమెట్రీలతో పాటు అదనపు సమాచారంలో ఉంటుంది. నన్, ఫెయింట్, మీడియం, స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ అని ఐదు మెట్లు. మీడియం నుంచి పైకి అయితే వెలుగు రంగు కూడా రాస్తారు. ఇది వెలుగు ఎంత గట్టిగా వస్తుందో మాత్రమే చెబుతుంది, రాయి అందంగా ఉందా లేదా అని కాదు. షాపుల్లో ‘జీరో ఫ్లోరసెన్స్ మేడమ్’ అని అదేదో అదనపు అర్హతలా చెప్పడం మామూలే. లేకపోవడం తప్పు కాదు గానీ, అదొక్కటే మెరుపు పెంచదు.

ఇక వాడకంలో తెలిసిన విషయం. ఈ రాయి రంగు కాంతిని బట్టి మారుతుంది. పొద్దున మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు చూస్తే చాలా తెల్లగా, మా అక్క దగ్గరున్న ‘జి’ రంగు రాయికి ఏమాత్రం తీసిపోకుండా ఉంటుంది. నీలం, పసుపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి రాయిలోని ఆ కాస్త పచ్చదనం ఎండలో మాయమవుతుంది. రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర, ఎల్ఈడీ బల్బు కింద అవే రెండు ఉంగరాలు పక్కపక్కన పెడితే నాది ఒక మెట్టు వెచ్చగా, అంటే పసుపుగా కనిపిస్తుంది. మామూలు ఇళ్లలో వాడే ఎల్ఈడీల్లో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు, కాబట్టి అక్కడ రాయి అసలు రంగే బయటపడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ల్యాబ్‌లో రంగు నిర్ణయించే దీపాలు పగటి వెలుగును అనుకరించేవి, వాటిలో కొంత అల్ట్రావయొలెట్ ఉంటుంది. అంటే స్ట్రాంగ్ బ్లూ రాయికి ‘హెచ్’ అని ఇచ్చినప్పుడు, ఆ గ్రేడులోనే నీలం వెలుగు సాయం కొంత కలిసి ఉండే అవకాశం ఉంది. ఈ విషయంలో నిపుణుల మధ్య ఏళ్లుగా వాదన నడుస్తోంది. నా అనుభవం మాత్రం సాయం ఉందనే వైపు. అందుకే ‘ఫ్లోరసెన్స్ ఉంటే రంగు ఒక గ్రేడు పైకి కనిపిస్తుంది, లాభమే’ అని షాపువాళ్లు చెప్పేదాన్ని సగమే నమ్మండి. ఆ లాభాన్ని సర్టిఫికెట్ ముందే లెక్కేసుకుని ఉండొచ్చు. ఇంట్లో రాత్రిపూట పెట్టుకునేదే ఎక్కువైతే, షాపులో ఎల్ఈడీ కింద చూసిన రంగే మీ రంగు అనుకుని కొనండి.

నీలం వెలుగు కంటికి నేరుగా కనిపించే చోట్లు నిజ జీవితంలో చాలా తక్కువ. ఒకటి, మిఠాయి కొట్టు. అద్దాల బీరువా పక్కన ఈగల కోసం పెట్టే ఊదా రంగు దీపం ఉంటుంది కదా, దాని దగ్గర చెయ్యి పెట్టి చూస్తే రాయి అంతా నీలంగా వెలిగిపోతుంది. రెండోది సంగీత్‌లో డీజే పెట్టే బ్లాక్ లైట్లు. మా ఆడపడుచు కూతురు ఒకసారి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, “అత్తా, నీ ఉంగరంలో బ్యాటరీ ఉందా?” అని.

ఇలా వెలగడం వజ్రానికి కొత్త కాదు. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే హోప్ వజ్రం, షార్ట్‌వేవ్ అల్ట్రావయొలెట్ చూపించి తీసేసిన తర్వాత కూడా కాసేపు ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఫాస్ఫరసెన్స్ అంటారు. అందులో ఉన్నది బోరాన్, కాబట్టి మన సర్టిఫికెట్లలోని నీలంతో దానికి సంబంధం లేదు.

అసలు టెన్షన్ ‘మిల్కీ’ గురించి. కొన్ని స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ రాళ్లు ఎండలో మసకబారతాయి. ఫ్లోరసెన్స్ ఉన్న వజ్రాల్లో ఇలా మసకబారేవి 0.2 శాతం కూడా లేవని జీఐఏ అంటుంది. తక్కువే, కానీ అలాంటిదొకటి నాకు షాపులోనే తగిలింది. నా రాయితో పాటు ‘ఎఫ్’ రంగు, వెరీ స్ట్రాంగ్ బ్లూ రాయి కూడా చూపించారు. కౌంటర్ దీపాల కింద అదే బాగుంది. రెండింటినీ పట్టకారుతో పట్టుకుని మెట్ల మీదికి, ఎండలోకి తెచ్చారు. నా రాయిలో పైనుంచి చూస్తే అడుగున ఉన్న పలకల అంచులు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. రెండోదాంట్లో ఆ అంచులు కలిసిపోయి, లోపల పల్చటి మజ్జిగ పోసినట్టు ఉంది. భూతద్దంలో అది ఇంకా బాగా తెలిసింది. లోపలికి, అంటే కౌంటర్ దగ్గరికి తేగానే అంచులు మళ్లీ వచ్చేశాయి. షాపతను “చాలామంది బయటికి రారు మేడమ్” అన్నాడు. నిజాయితీగా చెప్పినందుకు ఆ మాట గుర్తుండిపోయింది.

అయితే మసక అంతా ఫ్లోరసెన్స్ వల్లే రాదు. రాయిలో సన్నటి పొగమంచులా ఉండే క్లౌడ్స్ వల్ల, క్రిస్టల్ పెరిగిన తీరులోని లోపాల వల్ల కూడా వస్తుంది, అది ఏ కాంతిలోనైనా ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అల్ట్రావయొలెట్‌ను ఆపే, యూవీ400 అని రాసున్న కళ్లద్దాలు ఉంటే చాలు. ఎండలో రాయిని పట్టుకుని, సూర్యుడికీ రాయికీ మధ్య ఆ అద్దం అడ్డుపెట్టండి. రాయికీ కంటికీ మధ్య కాదు. అద్దం వెనక మసక చాలావరకు తగ్గితే అది ఫ్లోరసెన్స్ పని. అలాగే ఉంటే క్లౌడ్స్ పని, దానికి ఫ్లోరసెన్స్ ‘నన్’ అని ఉన్నా లాభం లేదు. సర్టిఫికెట్ కామెంట్స్‌లో క్లారిటీ గ్రేడు చిత్రంలో చూపించని క్లౌడ్స్ ఆధారంగా ఇచ్చామని ఉంటే, అక్కడ ఆగి రాయిని ఇంకోసారి చూడాలి. వజ్రాల వ్యాపారులు ‘నో బీజీఎం’ అంటుంటారు, బ్రౌన్, గ్రీన్, మిల్కీ ఛాయలు లేవని అర్థం. ఆ మాటే మీరూ అడగండి, బిల్లు మీద రాయించుకోగలిగితే మరీ మంచిది.

ఇంకో మసక కూడా ఉంది, అది పూర్తిగా మన వల్లే. వజ్రానికి నూనె బాగా అంటుకుంటుంది. పిండి కలిపి, తలకు నూనె రాసుకుని, వారం కడగకపోతే ఏ రాయైనా చచ్చినట్టు ఉంటుంది. ఒక పండక్కి అత్తయ్య నా ఉంగరం చూసి “చెప్తే విన్నావా, ఆ బ్లూ రాయి చూడు ఎలా పాలిపోయిందో” అన్నారు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రాయి అడుగు భాగం తోమాను. వెంటనే మామూలుగా అయింది. నింద మాత్రం ఇంకా ఫ్లోరసెన్స్ మీదే ఉంది, అత్తయ్య లెక్కలో.

డబ్బు సంగతి. అదే షాపులో అదే బరువు, రంగు, క్లారిటీ ఉండి ఫ్లోరసెన్స్ లేని రాయికి 2,10,000 చెప్పారు. నాది 1,85,000. అంటే దాదాపు 12 శాతం తక్కువ. రంగు మెట్టు పైకి వెళ్లేకొద్దీ ఈ తగ్గింపు పెరుగుతుంది. డి, ఇ, ఎఫ్ రాళ్లలో స్ట్రాంగ్ అంటే ఎక్కువ కోత పడుతుంది, ఎందుకంటే అక్కడ రద్దు చేయాల్సిన పసుపు లేదు, మసక భయం మాత్రం ఉంది. ఐ, జె దగ్గరికి వచ్చేసరికి తగ్గింపు బాగా తగ్గిపోతుంది. ఫెయింట్‌కైతే దాదాపు ఏమీ ఉండదు, దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

కొన్నప్పుడు మిగిలిన ఆ 25,000 పూర్తిగా మన జేబులోదే అనుకోవద్దు. మార్పిడి ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఈమధ్య రెండు షాపుల్లో అడిగాను. కొన్న షాపువాళ్లు బిల్లు చూసి తమ పద్ధతిలో లెక్క చెప్పారు, ఫ్లోరసెన్స్ ఊసే ఎత్తలేదు. వేరే షాపులో మాత్రం సర్టిఫికెట్ చదువుతూ ఆ లైన్ దగ్గర వేలు పెట్టి, నేను పొందిన తగ్గింపు కంటే ఎక్కువే కోశారు. ల్యాబ్‌లో తయారుచేసే వజ్రాలు వచ్చాక సహజ వజ్రాల రేట్లు ఎలాగూ దిగాయి, ఆ పైన ఇదొకటి. కాబట్టి బేరం ఆడేటప్పుడే కోత గట్టిగా అడగాలి. హెచ్‌లో స్ట్రాంగ్‌కి ఐదు శాతమే తగ్గిస్తామంటే నేనైతే ఫ్లోరసెన్స్ లేనిదే తీసుకుంటాను.

ఈ మధ్య మా ఆడపడుచు రవ్వల దుద్దులు కొంటానని ఫోన్ చేసింది. “వదినా, ఒకటి స్ట్రాంగ్, ఒకటి నన్. రంగు, క్లారిటీ మాత్రం ఒకటే. రేటు బాగా తగ్గిస్తామంటున్నారు” అంది. ఉంగరానికి వర్తించే లెక్క దుద్దులకు సరిపోదు. షాపు దీపాల కింద రెండూ జతగానే కనిపిస్తాయి. గుడికి వెళ్లి ఎండలో నిలబడితే ఒక చెవి తెల్లగా, ఒక చెవి కాస్త పచ్చగా ఉంటుంది. రెండూ స్ట్రాంగ్ అయినా పర్వాలేదు, రెండూ నన్ అయినా పర్వాలేదు, జతకి జత ఉండాలని చెప్పాను. చివరికి రెండూ మీడియం బ్లూ ఉన్న ‘ఐ’ రంగు జత దొరికింది. షాపు బయట నిలబడి రెండు చెవులూ ఫొటో తీసి పంపాకే డబ్బు కట్టింది.