సగ్గుబియ్యం ఖిచిడీ: మునిగీ మునగని నీళ్లతో ఆరేళ్లు

పుణెకు వచ్చిన కొత్తలో నేను చేసిన సాబుదాణా ఖిచిడీని గరిటెతో లేపితే మూకుడులో ఉన్నదంతా ఒకే ముద్దగా పైకి వచ్చేది. మనకు సగ్గుబియ్యం అంటే పాయసం. అది చిక్కబడితేనే మెచ్చుకుంటాం. ఆ అలవాటుతోనే గిన్నె నిండా నీళ్లు పోసి నానబెట్టేదాన్ని.

పక్కింటి కాకూ నా గిన్నె చూసి నీళ్లు వంపేశారు. తెల్లటి పిండి కడిగిన నీళ్లలో కనిపించకుండా పోయేదాకా మూడు నాలుగు సార్లు కడిగించి, గింజలు మునిగీ మునగనట్టు నీళ్లు పోయించారు. కప్పు గింజలకు ముప్పావు కప్పు పట్టింది. ఆరు గంటల తర్వాత గింజను వేళ్ల మధ్య నొక్కితే మధ్యలో పలుకు తగలకుండా మెత్తగా చితికింది. పోపులో వేసేముందే వేయించిన పల్లీల బరక పొడి అరకప్పు కలపడం ఆవిడ చెప్పిన రెండో మాట. ఆ పొడి పైతడిని పీల్చుకుని గింజకూ గింజకూ మధ్య అడ్డుగా ఉంటుంది. ఆ రోజు నుంచి ఈ కొలత తప్పదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

కిందటి ఆషాఢ ఏకాదశికి ఆ మాట మింగాల్సి వచ్చింది. ఎనిమిది మంది వస్తున్నారని అరకిలో సగ్గుబియ్యాన్ని ఒకే లోతైన గిన్నెలో, అదే లెక్కన నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే అడుగున జిగురు, పైన పలుకు. నీరు అడుగుకు దిగిపోయింది, పై గింజలకు అందలేదు. పలుకు పోవాలని గుప్పెడు నీళ్లు చల్లి, పొయ్యి మీద మూత పెట్టాను. అదే కొంప ముంచింది. మూత కింద ఆవిరి నీరై కారి, ఉన్న పిండినంతా అంటించేసింది. పాత ముద్దే, ఈసారి ఎనిమిది మందికి సరిపడా.

ఇప్పుడు ఎక్కువ చేయాలంటే రెండు వెడల్పాటి పళ్లేల్లో పలుచగా పరిచి నానబెడతాను. అరగంటకోసారి రెండు సార్లు చేత్తో కిందామీదా చేస్తాను. పైన పలుకు మిగిలితే పొయ్యెక్కించకముందే చెంచా నీళ్లు చల్లి మరో అరగంట ఆగుతాను. పొయ్యి మీద మూత పెట్టను. గింజ తెల్లదనం పోయి అద్దంలా మెరవగానే దించి నిమ్మరసం పిండుతాను.

కాబట్టి కాకూ కొలతను ఇప్పటికీ వదలలేదు గానీ, అది మా ఇద్దరికి సరిపోయే కప్పు గింజలకే అంటాను. కొత్త దుకాణం సరుకైతే ముందు గుప్పెడు నానబెట్టి చూస్తాను, కొన్ని నాలుగు గంటలకే మెత్తబడుతున్నాయి. డబ్బాలో ఆఫీసుకు తీసుకువెళ్లే వాళ్లకు మాత్రం గట్టిగా చెప్పలేను. ఎంత పొడిపొడిగా దించినా మధ్యాహ్నానికి చల్లారి గట్టిపడుతుంది. మా ఆయన సగం తిని తెచ్చేస్తారు.