తొమ్మిదేళ్లు వాడిన ఏఎం-ఎఫ్ఎం గోడ చార్టు: ఒక వరస బాగుంది, ఒక వరస తప్పు

ఒంగోలు దగ్గర ఒక డిప్లొమా కాలేజీలో కమ్యూనికేషన్ ల్యాబ్ చూసుకుంటాను. మా ల్యాబ్ గోడకి తొమ్మిదేళ్లుగా ఒకటే చార్టు వేలాడుతోంది. ప్లాస్టిక్ పూత ఉన్న కాయితం, పైనా కిందా చెక్క బద్దలు. కింద అంచు ఉప్పుగాలికి కాస్త ఉబ్బింది గానీ గీతలు మాత్రం వెలిసిపోలేదు. కట్టుబడి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. బొమ్మ గురించే చెప్పాలి.

నాలుగు వరసలు. మొదటిది మెసేజ్, అంటే మనం పంపాల్సిన ధ్వని. నున్నగా రెండు అలలుగా గీశారు. రెండోది క్యారియర్, అంటే ఆ మెసేజ్‌ని మోసుకెళ్లే అల. ఒకే ఎత్తులో, ఒకే ఎడంలో 24 అలలు. మూడోది ఏఎం, అంటే మెసేజ్‌ని బట్టి క్యారియర్ ఎత్తు మారేది. నాలుగోది ఎఫ్ఎం, అంటే ఎత్తు కాకుండా అలల ఎడం మారేది. మొత్తం వెడల్పు 60 సెంటీమీటర్లు. అంటే ఒక మెసేజ్ అలకి 300 మిల్లీమీటర్లు, ఒక క్యారియర్ అలకి 25.

మూడో వరస నిజంగా బాగా గీశారు. క్లాసులో పిల్లల్ని పిలిచి స్కేలు ఇస్తాను. క్యారియర్ వరసలో అల పై కొన నుంచి కింది కొన వరకు 40 మి.మీ. ఏఎం వరసలో బాగా లావైన చోట 60, బాగా సన్నబడిన చోట 20. రెండింటి సగటు మళ్లీ 40 వస్తుంది, అంటే గీసినవాడికి లెక్క తెలుసు. మాడ్యులేషన్ ఇండెక్స్, అంటే మెసేజ్ క్యారియర్‌ని ఎంతగా మారుస్తోందో చెప్పే అంకె, కూడా ఈ రెండు కొలతల్తోనే వచ్చేస్తుంది:

```
m = (60 − 20) / (60 + 20) = 0.5
```

తర్వాత పై కొనలన్నిటినీ పెన్సిల్‌తో కలపమంటాను. కలిపితే మొదటి వరసలోని మెసేజే వస్తుంది. కింది కొనల్ని కలిపితే అదే తలకిందులుగా వస్తుంది. "రెండు మెసేజులు పోతున్నాయా సార్?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. పోయేది ఒకటే. రేడియోలో ఒక డయోడ్ కింది సగాన్ని కోసేస్తుంది, దాని పక్కన ఉన్న కెపాసిటర్ మిగిలిన కొనల మధ్య ఖాళీలు నింపుతుంది. మనం పెన్సిల్‌తో చేసిన పనే అక్కడ జరుగుతుంది. ఒకటి మాత్రం చెప్పి తీరాలి: చార్టులో కొనల మీద ఎర్ర చుక్కలతో గీసిన గీత గాల్లో ఎక్కడా ఉండదు. అది మన కంటికోసం గీసింది.

ఈ వరసలో నాకున్న లోటు ఒకటే. మెసేజ్ మరీ పెద్దదైతే ఏమవుతుందో చూపలేదు. ఇండెక్స్ 1 దగ్గర సన్నబడిన చోటు మధ్య గీతకి అంటుకుంటుంది. అది దాటితే పైగీత, కిందిగీత ఒకదాన్నొకటి దాటి తిరగబడతాయి. డయోడ్‌కి ఆ తిరగబడటం తెలియదు, అది పైకొచ్చిన కొనలనే పట్టుకుంటుంది. దాంతో లోయ ఉండాల్సిన చోట చిన్న బుడిపె వచ్చి, గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. మా పిల్లలకి ఇది కిట్ మీద నాబ్ తిప్పి, అలల్ని తెర మీద చూపే సీఆర్ఓలో చూపిస్తాను.

ఇక నాలుగో వరస. ఆరేళ్లపాటు దాన్ని నమ్మి పాఠం చెప్పాను, ఆ మాట చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. కందుకూరు వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి ఒకరోజు లేచి, "సార్, పైన కొండ కొన ఒక చోట ఉంటే, కింద అలలు దగ్గర పడింది ఇంకో చోట ఉందేంది?" అన్నాడు. ఎడిటింగ్‌లో కాస్త జరిగి ఉంటుందిలే అన్నాను. వాడు వదల్లేదు. దారానికి నట్టు కట్టి, మొదటి వరసలో కొండ కొన నుంచి కిందికి వేలాడదీశాడు. ఎడమ అంచు నుంచి 75 మి.మీ. దగ్గర దారం పడింది. అక్కడ ఎఫ్ఎం వరసలో అలల ఎడం మామూలుగా 25 మి.మీ. దాకా ఉంది. బాగా దగ్గర పడిన చోటు ఎడమ అంచులోనే, మళ్లీ 300 మి.మీ. దగ్గర ఉంది. అంటే మెసేజ్ కొన ఎక్కిన చోట కాదు, నిటారుగా ఎక్కుతున్న చోట.

ఎఫ్ఎంలో క్యారియర్ ఫ్రీక్వెన్సీ ఆ క్షణంలో మెసేజ్ ఎంత ఎత్తులో ఉందో దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి కొన కిందే అలలు బాగా దగ్గర పడాలి, లోయ కింద బాగా ఎడం కావాలి. నిటారుగా ఎక్కే చోట దగ్గర పడితే అది ఫేజ్ మాడ్యులేషన్, అంటే పీఎం బొమ్మ. అందులో ఫేజ్, అంటే అల ఎంత ముందుకో వెనక్కో జరిగిందన్నది, మెసేజ్‌తో పాటు కదులుతుంది గనుక, ఫ్రీక్వెన్సీ మెసేజ్ ఎంత వేగంగా మారుతోందో చెబుతుంది. మా చార్టులో పీఎం బొమ్మ గీసి కింద ఎఫ్ఎం అని అచ్చేశారు. నున్నటి అల ఒక్కటే మెసేజ్ అయితే ఈ రెండు బొమ్మల రూపం ఒకేలా ఉంటుంది, పావు అల పక్కకి జరుగుతుంది అంతే. అందుకే ఆరేళ్లు కంట పడలేదు. మెసేజ్ చతురస్రాకారంగా ఉండి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది: ఎఫ్ఎంలో కొంతసేపు దగ్గరి అలలు, కొంతసేపు ఎడం అలలు కనిపిస్తాయి. పీఎంలో ఎడం అంతా ఒకటే ఉండి, మెసేజ్ మారే చోట మాత్రం అల తెగి అతికినట్టు గెంతుతుంది.

ఇప్పుడా వరసని 75 మి.మీ. కుడికి జరిపి చదవమని బాణం గుర్తున్న స్టిక్కర్ అంటించాను. అలా చదివితే కొలతలు సరిపోతాయి. బాగా దగ్గరి అల దాదాపు 17 మి.మీ., బాగా ఎడంది దాదాపు 48. ఒక మెసేజ్ అలలో క్యారియర్ అలలు లెక్కపెడితే మళ్లీ పన్నెండే. ఎత్తు మాత్రం ఎక్కడా మారదు, 40 మి.మీ. దానివల్లే నెల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్ మోటార్లు తిరిగేటప్పుడు ఏఎం రేడియో గరగరలాడినా ఎఫ్ఎం అంతగా ఆడదు. మోటార్ల దగ్గర పుట్టే విద్యుత్ రొద ఎక్కువగా అల ఎత్తుని పాడుచేస్తుంది. ఏఎంలో మెసేజ్ ఉండేది ఆ ఎత్తులోనే. ఎఫ్ఎం రిసీవర్ ఎత్తుని ముందే సమానంగా కోసేసి, అలల ఎడాన్ని మాత్రం చదువుకుంటుంది. స్టేషన్ సిగ్నల్ మరీ బలహీనమైతే ఆ ఉపాయమూ పనిచేయదు, బుసబుస మొదలవుతుంది.

"అలలు దగ్గర పడిన చోట సౌండ్ ఎక్కువా సార్?" అని అడుగుతారు. కాదు. గట్టిగా మాట్లాడితే ఎడం 17, 48 దాకా పోతుంది. మెల్లగా మాట్లాడితే 23, 27 మధ్యే ఊగుతుంది. ఇక సన్నగొంతు, బొంగురుగొంతు తేడా ఏమిటంటే, దగ్గర పడి ఎడం కావడమనేది సెకనుకి ఎన్నిసార్లు జరుగుతుందన్నది. చార్టులో ఒకే మెసేజ్ గీయడం వల్ల ఈ రెండూ పిల్లలకి కలిసిపోతాయి. పక్కన బోర్డు మీద ఇంకో రెండు వరసలు నేను సుద్దతో గీసుకోవాల్సి వస్తోంది.

బొమ్మని పెంచి గీసిన మాట కూడా చెప్పాలి. ఇక్కడ ఒక మెసేజ్ అలకి 12 క్యారియర్ అలలు గీశారు. మా వైపు వినిపించే విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. వెయ్యి హెర్ట్జ్ ధ్వని ఒక్క అలకి అక్కడ 837 క్యారియర్ అలలు పడతాయి. ఎఫ్ఎంలో అయితే 100 మెగాహెర్ట్జ్ స్టేషన్‌కి లక్ష. పైగా ప్రసారాల్లో అతి గట్టి ధ్వనికి కూడా ఫ్రీక్వెన్సీ అటూఇటూ కదిలేది 75 కిలోహెర్ట్జే, అంటే వందకి 0.075. మా చార్టు 25 మి.మీ. అలని ఆ లెక్కన మారిస్తే తేడా 0.02 మి.మీ. కన్నా తక్కువ, వెంట్రుక మందం కూడా ఉండదు. ఉన్నదున్నట్టు గీస్తే నాలుగో వరస రెండో వరసలాగే కనిపిస్తుంది. అందుకని పెంచి గీయడం తప్పుకాదు. మూలన ఎక్కడో "పెంచి గీసినది" అని ఒక ముక్క వేసి ఉంటే సరిపోయేది.

కొత్తది కొనేవాళ్లు షాపులో చార్టు విప్పించి, జేబులోంచి దారం తీసి కొండ కొన దగ్గర పట్టుకుని చూడండి. పోయిన నెల నేను నాలుగు చార్టులు అలా చూశాను. వాటిలో రెండింటికి కూడా స్టిక్కర్ అవసరం పడేలా ఉంది.