ఎనిమిదా, ట్యూబా? తాడు మీద దిగే పరికరాల్లో ఏది మేలు?

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. బండ అంచున రెండు బోల్టులు, వాటికి ఇనుప రింగులు ఉన్నాయి. 60 మీటర్ల తాడును ఆ రింగుల్లోంచి సగానికి మడిచి, రెండు పాయలుగా కిందికి వదిలారు. నేల 25 మీటర్ల లోతులో ఉంది. దిగాల్సిన మనిషి బరువు 75 కిలోలు. పక్కన సంచిలో గేటు తెరిచి తగిలించే కొక్కేలు, అంటే కారబైనర్లు నాలుగు రకాలవి, తాడు మీద జారే వేగాన్ని అదుపు చేసే డిసెండర్లు మూడు రకాలవి, నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీల హార్నెస్‌లు రెండు ఉన్నాయి. ఏది ఎత్తుకోవాలి?

చాలామంది ముందు చూసేది బలం. కారబైనర్‌లో గేటుకు ఎదురుగా ఉండే వెన్ను మీద కిలోన్యూటన్లలో మూడు అంకెలు చెక్కి ఉంటాయి, ఉదాహరణకు 24, 8, 7. మొదటిది గేటు మూసి ఉండగా నిలువునా లాగితే తట్టుకునే బలం, రెండోది అడ్డంగా లాగితే, మూడోది గేటు తెరుచుకుని ఉంటే. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 102 కిలోల బరువు. మన మనిషి తాడు మీద కదలకుండా వేలాడితే పడే భారం ముప్పావు కిలోన్యూటనే. కుదుపుతో ఆగినా అది కొన్ని రెట్లు పెరుగుతుంది, అంతే. అంటే సంచిలోని అసలైన కారబైనర్ ఏదైనా బలం విషయంలో సరిపోతుంది. అయినా దిగేటప్పుడు ప్రమాదాలు జరుగుతున్నాయంటే, కారణం ఎక్కువగా మొదటి అంకెలో ఉండదు. భారం ఏ దిశ నుంచి వచ్చింది, ఏ భాగం మీద పడింది అన్నదే అసలు సంగతి. కాబట్టి ఒక్కో వస్తువును విడిగా తూచడం కంటే, ఏది దేనితో జతకడుతుందో చూడటం మేలు.

ముందుగా కారబైనర్లు. రెండు చివరలూ ఒకేలా గుండ్రంగా ఉంటే అది ఓవల్. కప్పీలకూ, మధ్యలో నిలకడగా కూర్చోవాల్సిన పరికరాలకూ బాగుంటుంది. వెన్ను నిటారుగా, ఒక వైపు చివరలు ఇరుకుగా ఉంటే అది డి ఆకారం. భారాన్ని వెన్ను దగ్గరికి నెడుతుంది కాబట్టి తక్కువ బరువులోనే ఎక్కువ బలం ఇస్తుంది. పైకెక్కేటప్పుడు తాడు తగిలించుకోవడానికీ, బోల్టుల్లాంటి ఆధారానికి, అంటే యాంకర్‌కూ సరైనది. పియర్ పండులా ఒక చివర వెడల్పుగా ఉండి, వెన్ను మీద వలయంలో హెచ్ అక్షరం ఉంటే అది హెచ్ఎంఎస్ రకం. వలయంలో కె ఉంటే అది ఇనుప తీగలు బిగించిన కొండదారుల కోసం చేసినది. అందుకే దాని గేటు బాగా వెడల్పుగా తెరుచుకుంటుంది. నాలుగోది చూడటానికి అచ్చం కారబైనర్‌లాగే ఉంటుంది, కానీ దాని మీద బలం అంకెలే ఉండవు, లేదా పర్వతారోహణకు కాదని రాసి ఉంటుంది. అది నీళ్ల సీసా తగిలించుకోవడానికే.

దిగడానికి ఎంచుకోవాల్సింది తాళం ఉన్న హెచ్ఎంఎస్. దాని వెడల్పు చివరలో రెండు పాయల తాడు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కన కూర్చుంటుంది. డి ఆకారంలో ఆ రెండూ మూలకు చేరి నలుగుతాయి. తాళంలో మరో మలుపు ఉంది. చేత్తో తిప్పి బిగించే మరను బిగించడం మరిచిపోవచ్చు. తనంతట తాను మూసుకునే తాళంతో ఆ బెంగ ఉండదు. కానీ ఒక్క తిప్పుతో తెరుచుకునే రకం మీద తాడు రాసుకుంటూ పోతే తాళం తిరిగి గేటు తెరుచుకోగలదు, ఇసుక పడితే సగంలో ఆగిపోగలదు. డిసెండర్ కోసమైతే నేను మర తాళాన్నే ఎంచుకుంటాను. బిగించాక గేటును వేళ్లతో నొక్కి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది.

ఇక అసలు పోటీ, ఎనిమిదికీ ట్యూబుకీ మధ్య.

ఎనిమిది అంకె ఆకారంలో ఒక పెద్ద వలయం, ఒక చిన్న వలయం, మధ్యలో మెడ ఉండే లోహపు ముక్క ఎనిమిది. తాడు మడతను పెద్ద వలయంలోంచి తెచ్చి మెడ చుట్టూ వేస్తారు, చిన్న వలయాన్ని కారబైనర్‌కు తగిలిస్తారు. కదిలే భాగాలు లేవు. లావు తాడైనా, తడి తాడైనా, మంచు పట్టి బిగుసుకున్న తాడైనా ఇందులో సాఫీగా నడుస్తుంది. లోహం ఎక్కువ కాబట్టి పొడవైన దిగుడులో వేడి త్వరగా పెరగదు. లోయల్లో జలపాతాల వెంట దిగేవారు దీన్ని ఇప్పటికీ వదలకపోవడానికి కారణం ఇదే. నీటిలో దిగాక తాడులోంచి చప్పున బయటపడవచ్చు.

దీని దోషాలు మూడు. మొదటిది, తాడును మెలిపెడుతుంది. దిగుతున్న కొద్దీ మెలికలు కింది పాయల్లోకి పోగుపడతాయి, తరువాత తాడు లాగేటప్పుడు చిక్కుపడతాయి. రెండోది, మెడ చుట్టూ ఉన్న తాడు బండ అంచుకు తగిలి పైకి జారితే, పెద్ద వలయం మీదుగా ఎక్కి బిగుసుకుంటుంది. అప్పుడు మనిషి మధ్యలో వేలాడుతూ ఉండిపోతాడు. తన బరువును ఆ ముడి మీద నుంచి తీయకుండా దాన్ని విప్పలేడు. పైన తాడుకు, బరువు పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడి వేసి, దానికి కట్టిన ఉచ్చులో కాలు పెట్టి లేవాలి. రెస్క్యూ ఎనిమిదికి రెండు చెవులు పెట్టింది ఈ జారుడును ఆపడానికే. కాబట్టి చెవులున్న ఎనిమిది కనబడితే అది అలంకారం కోసం అనుకోవద్దు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం, పైన చెప్పిన జత సంగతి ఇక్కడే తెలుస్తుంది. ఎనిమిది పొడవైన, గట్టి ముక్క. భారం తగ్గిన క్షణంలో అది కారబైనర్‌లో అడ్డం తిరిగి, తాళం మీద ఆనుకోగలదు. ఆ స్థితిలో మళ్లీ బరువు పడితే ఎనిమిది మీటలా పనిచేసి గేటును బయటికి పెకలిస్తుంది. వెన్ను మీద 24 అని ఉన్న కారబైనర్‌ను అంతకంటే ఎంతో చిన్న భారం తెరిచేస్తుంది, ఎందుకంటే ఆ అంకె ఇలాంటి దెబ్బ గురించి ఏమీ చెప్పదు. అంచు దాటే ముందు బరువు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం జరిగే చోటే ఇది జరుగుతుంది. గుర్తించే మార్గం ఒక్కటే. పూర్తి బరువు వేసే ముందు కిందికి చూసి, చిన్న వలయం కారబైనర్ చివర వంపులో కూర్చుందో లేదో నిర్ధారించుకోవాలి.

ట్యూబు పొట్టి గొట్టంలా ఉంటుంది, రెండు చీలికలు, పట్టుకోవడానికి ఒక తీగ. రెండు పాయల మడతలను చెరో చీలికలోకి దూర్చి, రెంటినీ తీగతో కలిపి కారబైనర్‌కు తగిలించాలి. తీగ కారబైనర్‌లోనే ఉంటుంది కాబట్టి తాడు ఎక్కించేటప్పుడు పరికరం చేజారి పడదు. ఎనిమిదిని మాత్రం మామూలుగా విప్పి ఎక్కించాలి. పెద్ద వలయాన్ని ముందు కారబైనర్‌కు తగిలించి, తాడు వేశాక తిప్పుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది, కానీ ఆ పద్ధతి చాలామందికి తెలియదు. ట్యూబు తాడును మెలిపెట్టదు, పొట్టిది కాబట్టి గేటును పెకలించే మీటగానూ మారదు. పైకెక్కే భాగస్వామికి బిలే ఇవ్వడానికీ, అంటే అతను జారితే ఆపేలా తాడు పట్టుకోవడానికీ, అదే సరిపోతుంది. కొన్నిటికి ఒక వైపు పళ్ల గాడులు ఉంటాయి. కింది పాయలు, అంటే బ్రేకు చేతిలోకి వెళ్లే పాయలు, ఆ వైపు రావాలి. తిప్పి పెడితే రాపిడి తగ్గి, సన్నటి తాడు మీద అనుకున్నదానికంటే వేగంగా జారతారు. అప్పుడు రెండో కారబైనర్ జతచేస్తే రాపిడి పెరుగుతుంది. లావు తాడు తడిసి ఉబ్బితే చీలికల్లో ఇరుకవుతుంది, అక్కడ మాత్రం ఎనిమిదిదే పైచేయి.

మూడో డిసెండర్ చెయ్యి వదిలితే తాడును పట్టేసే రకం. 1991లో వచ్చిన గ్రిగ్రి దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. లోపల తాడును నొక్కిపట్టే కామ్ ఉంటుంది, పిడి లాగితే వదులుతుంది. ఒక్క పాయ తాడు మీద దీనికి సాటి లేదు. కానీ మన ఉదాహరణలో పాయలు రెండు, అది రెంటినీ ఒకేసారి పట్టదు. పైన ఒక పాయను రింగుకు అడ్డంగా ముడివేసి ఆపి, ఆ ఒక్క పాయ మీదే దిగాలి. ఆ ముడి సరిగా తెలియని వారికి ఇది సరైన ఎంపిక కాదు. పరికరం మీద రాసిన తాడు మందానికి బయట ఉన్న తాడునూ అందులో పెట్టకూడదు.

కాబట్టి పొడి బండ మీద, రెండు పాయలతో, ట్యూబు, హెచ్ఎంఎస్. ఇందులో నాకు సందేహం లేదు.

హార్నెస్ బకిల్‌లలోనూ రెండు రకాలు. పాతది ఒక్క పలక బకిల్. పట్టీ ఒకసారి దూరి బయటికి వచ్చాక, మళ్లీ వెనక్కి మడిచి అదే బకిల్‌లోకి దూర్చాలి. మడవకపోతే చేత్తో లాగినప్పుడు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, బరువు పడ్డాక జారిపోతుంది. కొన్నిటి మీద ప్రమాదమని హెచ్చరించే మాట రాసి ఉంటుంది. పట్టీ సరిగా మడిచి ఉంటే ఆ మాట కనబడకుండా కప్పబడుతుంది. కొత్తది రెండు పలకలు ఒకదానిపై ఒకటి జారే బకిల్. పట్టీ ముందే ఎక్కించి ఉంటుంది, లాగితే బిగుస్తుంది, పై పలకను ఎత్తితే వదులవుతుంది. పలువురు ఒకే హార్నెస్ మార్చి మార్చి వేసుకునే చోట ఇదే మేలు, మడత మరిచే అవకాశమే లేదు. దీని బలహీనత ఆ ఎత్తే పద్ధతిలోనే ఉంది. ఏదైనా తగులుతూ పలకను పైకి నెడుతుంటే పట్టీ మెల్లగా వదులవుతుంది. రెంటిలోనూ బిగించాక కనీసం ఒక అరచేతి వెడల్పు పట్టీ బయట మిగలాలి.

డిసెండర్ తగిలించేది ముందున్న బిలే లూప్‌కు. నడుము పక్కన ఉండే లూప్‌లు సామాను మోయడానికే, మనిషి బరువు వాటికి పనికిరాదు. బిలే లూప్‌నూ అరిగిందేమో చూడాలి. 2006 అక్టోబర్‌లో యోసెమిటీలోని లీనింగ్ టవర్ వద్ద తాడు మీద దిగుతుండగా అమెరికన్ పర్వతారోహకుడు టాడ్ స్కిన్నర్ మరణించారు. అరిగిపోయిన ఆయన బిలే లూప్ తెగింది.

ఇక దిగడమే. మనిషి యాంకర్‌కు ఒక స్లింగ్‌తో, అంటే పట్టీ ఉచ్చుతో, కట్టుకునే ఉన్నాడు. మరో స్లింగ్‌తో ట్యూబును బిలే లూప్ నుంచి ఒక జానెడు పైకి పొడిగిస్తాడు. ట్యూబు కింద తాడు పాయల చుట్టూ 6 మిల్లీమీటర్ల దారపు ఉచ్చును మూడు నాలుగు చుట్లు వేసి, బిలే లూప్‌కు తగిలిస్తాడు. చెయ్యి వదిలినా ఇది తాడును పట్టుకుంటుంది. కొందరు దీన్ని తొడ పట్టీకి తగిలిస్తారు. అప్పుడు అది తొడ బకిల్‌ను పైకి లాగి వదులు చేయవచ్చు, ఉచ్చు పొడవైతే ట్యూబుకు తగిలి అసలే పట్టదు. పొడిగింపు ఈ రెండు చిక్కులనూ తప్పిస్తుంది. యాంకర్ స్లింగ్ విప్పక ముందే ట్యూబు మీద బరువు వేసి, కారబైనర్ నిలువుగా ఉందా, తాళం బిగిసిందా, ఉచ్చు పట్టిందా చూసుకుంటాడు. తాడు చివరలు జారిపోకుండా రెండు పాయలకూ విడివిడిగా ముడులు ముందే వేసి ఉన్నాయి. నేల చేరి తాడు లాగే ముందు వాటిని విప్పాలి, లేకపోతే ముడి పైకి వెళ్లి రింగులో ఇరుక్కుంటుంది, తాడు అక్కడే ఉండిపోతుంది.