దొంగతనం కేసులో చివరి వాదన: "తీయలేదు" అనాలా, "దొంగిలించలేదు" అనాలా?

కేసు చిన్నదే. ఛార్జింగ్ పెట్టిన నల్ల ఫోన్ పోయింది, మర్నాడు మన క్లయింట్ బ్యాగులో దొరికింది, అతను తీస్తుంటే వెనక నుంచి చూశానని ఒక సాక్షి చెప్పాడు.

మొదటి దారి, ఆ మనిషి ఇతను కాదనడం. "సాక్షి అబద్ధమాడారని నేను అనడం లేదు మైలార్డ్, ముఖం చూడలేదని ఆయనే ఒప్పుకున్నారు" అంటే వినడానికి మర్యాదగానే ఉంటుంది, సాక్షినీ అవమానించినట్టు కాదు. కానీ బ్యాగులోకి ఫోన్ ఎలా వచ్చిందన్న ప్రశ్న అక్కడే కూర్చుని ఉంటుంది, దానికి జవాబు లేకపోతే ఈ వాదన నిలబడదు.

రెండో దారిలో తీసిన మాట ఒప్పుకుని, కాజేయాలన్న ఉద్దేశం లేదంటాం. "నా క్లయింట్ ఫోనూ అదే రంగు, పక్కనే ఉంది. సిమ్ తీయలేదు, స్విచాఫ్ చేయలేదు, యజమాని కాల్ చేస్తే ఎత్తి మాట్లాడాడు. దొంగ చేసే పనేనా ఇది? ఉద్దేశం రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌ది, అనుమానం మిగిలితే దాని లాభం నా క్లయింట్‌కి ఇవ్వమని ప్రార్థన."

నేనైతే రెండోదే ఎంచుకుంటాను, కాకపోతే ఆ కాల్ సంగతి క్రాస్ ఎగ్జామినేషన్‌లో యజమాని నోట వచ్చి రికార్డులో ఉండాలి, లేకుంటే చివర్లో కొత్తగా చెప్పడం కుదరదు. రెండూ కలిపి వాడదామనుకుంటారు కొందరు. తీయలేదు, తీసినా పొరపాటునే అనగానే జడ్జిగారు రెండూ నమ్మరు.