హోమ్ ట్యూటర్ డెమో క్లాసు చూసి అడ్వాన్స్ కట్టకండి

పిల్లలకు హోమ్ ట్యూటర్ కోసం వెతుకుతున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా ఏజెన్సీ ద్వారా వెతికేవాళ్లు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. డెమో చెప్పిన మనిషే రోజూ వస్తారని రాతపూర్వకంగా తీసుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

మా పాప ఆరో తరగతి. లెక్కల్లో భిన్నాల దగ్గర ఆగిపోయింది. హైదరాబాద్‌లోనే ఉన్న ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే మర్నాడే ఒక సార్‌ని డెమోకి పంపారు. ఆయన గంటసేపు 11తో గుణించే చిట్కాలు చెప్పారు. 23ని 11తో గుణించాలంటే 2, 3 మధ్యలో వాటి మొత్తం 5 పెడితే చాలు, 253 వచ్చేస్తుంది. పాప తెగ సంబరపడింది. భిన్నాల ఊసే రాలేదు. సాయంత్రానికి ఏజెన్సీ నుంచి ఫోన్: "మేడమ్, ఈ సార్‌ని ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. మూడు నెలల ఫీజు కడితే మీకు టైమ్ ఖాయం చేస్తాం." కట్టాం.

సోమవారం వచ్చింది ఆ సార్ కాదు, బీటెక్ చదువుతున్న ఒక అబ్బాయి. ఇదేంటని అడిగితే, రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'ట్యూటర్ మారవచ్చు, ఫీజు తిరిగి ఇవ్వబడదు' అని ఉందన్నారు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. మొదటి నెల ఫీజులో సగం ఏజెన్సీకే పోతుందని, ఆ సార్ డెమోలు మాత్రమే చెబుతారని తనే చెప్పాడు. కానీ తను చేసిందల్లా పాప హోమ్‌వర్క్ పూర్తి చేయించడమే. నోట్సు నిండింది. స్లిప్ టెస్టులో మళ్లీ అవే తప్పులు.

తర్వాత ఏజెన్సీ జోలికి పోకుండా, తెలిసినవాళ్లు చెప్పిన నలుగురితో మేమే మాట్లాడాం. డిగ్రీ ఏంటి, అనుభవం ఎంత అని అడిగితే అందరూ బాగానే చెబుతారు, దాంతో ఏమీ తేలదు. అందుకని పాప పరీక్ష పేపర్ ముందు పెట్టి ఒకటే అడిగాం. ఇందులో 1/2 + 1/3 = 2/5 అని రాసింది, ఎందుకు ఇలా రాసిందంటారు?

ఇద్దరు "అజాగ్రత్త, ప్రాక్టీస్ చేయిస్తే పోతుంది" అన్నారు. ఇంకొకరు క.సా.గు. మళ్లీ మొదట్నుంచి చెబుతానన్నారు. నాలుగో ఆవిడ మాత్రం పేపర్ అంతా తిరగేసి, "పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడుతోంది. భిన్నం అంటే రెండు వేరువేరు అంకెలు అనుకుంటోంది" అన్నారు. ఆ తర్వాత ఆవిడే మమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. స్కూల్లో ఇప్పుడు ఏ పాఠం నడుస్తోంది, ఇంట్లో పక్కన ఎవరు కూర్చుంటారు, తప్పు చేస్తే తిడతారా, తను ఏ టైమ్‌కి అలసిపోతుంది. పిల్ల గురించి ఏమీ అడగకుండా ఫీజు, టైమింగ్స్ మాత్రమే మాట్లాడే ట్యూటర్‌ని నేనైతే అక్కడే ఆపేస్తాను.

డెమోకి పాఠం మీరే ఎంచుకోండి, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో అదే ఇవ్వండి. తలుపు తీసి ఉంచి, మీరు కనబడేంత దూరంలో కూర్చోండి. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో, పెన్సిల్ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆవిడ మా పాపని "2/5 పెద్దదా, 1/2 పెద్దదా?" అని అడిగి, ఒకే పొడవున్న రెండు కాగితం ముక్కలు మడిపించారు. 2/5 చిన్నదని తేలింది. "మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిందేంటి?" అన్నారు. పాప చాలాసేపు ఆలోచించింది. ఆవిడ జవాబు చెప్పకుండా ఓపిగ్గా ఆగారు.

క్లాసు అయ్యాక పిల్లలు "బాగుంది" అన్నారని నిర్ణయం తీసుకోకండి, మాకు మొదటి డెమో కూడా బాగానే ఉంది. మర్నాడు అదే రకం లెక్క ఒకటి, సాయం లేకుండా ఇవ్వండి. మేము 2/3 + 1/4 ఇచ్చాం. 8/12, 3/12 చేసి 11/12 రాసింది. అలా అని ఒక్క క్లాసుతోనే అంతా తేలిపోదు. అందుకే ఆవిడతో నెలకోసారి, నెల అయ్యాకే ఫీజు ఇచ్చేలా మాట్లాడుకున్నాం. రాకపోయిన రోజుకి బదులు క్లాసు ఎప్పుడు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనేవి వాట్సాప్‌లో రాసుకున్నాం.

ఇప్పటికే ఇలా డబ్బు ఇరుక్కున్నవాళ్లు రసీదు రెండు వైపులా ఫోటో తీసి, పేమెంట్ స్క్రీన్‌షాట్, డెమోకి ఎవరు వస్తారో చెప్పిన మెసేజ్‌లు దాచుకోండి. ముందు రీఫండ్ రాతలో అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి.