రౌండ్ హిస్టరీ అడిగితే సైటు ఏమిస్తుంది? చాలాకాలం వాడాక నా సమీక్ష

ఈ స్లాట్ సైటులో నాకు ఖాతా ఉండి చాలాకాలమైంది. ఆటలు, బోనస్‌ల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. డబ్బు దగ్గర తేడా వచ్చినప్పుడు రికార్డులు అడిగితే ఈ సైటు ఎలా ఇస్తుందో మాత్రమే రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఆట నడిపేది సైటు కాదు, ఆట తయారుచేసిన కంపెనీ. సైటు దగ్గర ఉండేది మన వాలెట్. అందుకే ప్రతి రౌండుకూ రెండు చోట్ల లెక్క ఉంటుంది. రౌండులో ఏం జరిగిందన్నది ఆట కంపెనీ సర్వర్లో, డబ్బు ఎటు కదిలిందన్నది సైటు వాలెట్ లాగ్‌లో. గొడవలు ఎక్కువగా ఈ రెంటి మధ్యే పుడతాయి. ఒక్కటే అడిగితే సగం కథే చేతికొస్తుంది.

నాకు జరిగింది ఇది. బ్యాలెన్స్ 120.00, పందెం 2.00. ఫ్రీ స్పిన్లు పడ్డాయి, మధ్యలో నెట్ పోయింది. మళ్లీ లాగిన్ అయితే బ్యాలెన్స్ 118.00, ఆట మామూలు స్క్రీనుతో తెరుచుకుంది. చాట్‌లో అడిగితే "రౌండ్ పూర్తయింది, గెలుపు లేదు" అన్నారు. ఆ చాట్ మనిషికి కనిపించేది ఖాతా పేజీ సారాంశమే. ఆయనతో వాదించి లాభం లేదు, కంప్లయింట్ నంబరు తీసుకుని ఈమెయిల్‌కి మారాలి.

ఆట లోపలి మెనూలో హిస్టరీ అని ఉంటుంది. అక్కడ రౌండ్ ఐడీ దొరికింది. అదే అన్నిటికీ తాళంచెవి. ఐడీ లేకుండా "నిన్న రాత్రి ఆడిన ఆట" అని రాస్తే వాళ్లు రోజువారీ మొత్తాల పీడీఎఫ్ ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. నాకూ మొదట వచ్చింది అదే.

రెండో ఈమెయిల్లో అడిగినవి ఇవి: ఆ రౌండ్ ఐడీకి ఆట కంపెనీ రికార్డు, అందులో మొదలైన, ముగిసిన సమయాలు, పందెం, మొత్తం గెలుపు, చివరి స్థితి. అదే రౌండుకు వాలెట్‌లో జరిగిన ప్రతి డెబిట్, క్రెడిట్, లావాదేవీని రద్దుచేసి వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్, వాటి లావాదేవీ ఐడీలు, ప్రతిదాని ముందూ వెనకా బ్యాలెన్స్. విఫలమైన ప్రయత్నాలు కూడా కావాలని విడిగా రాశాను. ఆ మాట లేకపోతే సఫలమైనవే పంపుతారు. సమయాలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఇమ్మన్నాను. ఖాతా పేజీ మన సమయం చూపిస్తుంది, ఆట కంపెనీ రికార్డు సాధారణంగా యూటీసీలో ఉంటుంది. అర్ధరాత్రికి అటూఇటూ ఆడితే తేదీయే మారిపోతుంది, "ఆ రోజు అలాంటి రౌండే లేదు" అనే జవాబు రావడానికి అదొక కారణం.

వచ్చిన రికార్డు చూస్తే విషయం తేలిపోయింది. ఆట కంపెనీ లెక్కలో గెలుపు 84.50, రౌండ్ ముగిసింది. వాలెట్‌లో 2.00 డెబిట్ ఉంది, 84.50 క్రెడిట్ ప్రయత్నం టైమ్‌ఔట్ అయింది, తర్వాత మళ్లీ ప్రయత్నించిన జాడ లేదు. ఆ రెండు వరసలు పక్కపక్కన పెట్టి పంపాక సైటు వాదించలేదు, డబ్బు జమ చేసింది.

స్థితి "ఓపెన్" అని ఉంటే కథ వేరు. రౌండ్ ఇంకా ముగియలేదు, ఆట మళ్లీ తెరిస్తే ఆగినచోటి నుంచి సాగవచ్చు. రోల్‌బ్యాక్ అని ఉంటే పందెం వెనక్కి వచ్చి ఉండాలి. అప్పుడు సైటు "సాంకేతిక లోపముంటే గెలుపులు చెల్లవు" అనే నిబంధన చూపిస్తుంది. లోపం ఎవరి వైపు, ఏ సమయంలో జరిగిందో రాతపూర్వకంగా అడగండి.

అస్సలు ఇవ్వకపోతే? సైటు యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కిందికి వస్తే 15వ అధికరణం ప్రకారం మన డేటా ప్రతి అడిగే హక్కుంది. ఆ ఈమెయిల్‌ని సపోర్టుకి కాకుండా ప్రైవసీ పాలసీలో ఉన్న చిరునామాకి పంపడం మేలు. మామూలుగా నెలలోపు జవాబివ్వాలి, చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. బ్రిటన్ లైసెన్సున్న సైటైతే ఫిర్యాదు చేసిన 8 వారాల్లో తేలకపోయినా, అంతకుముందే చేతులెత్తేసినా, సైటు పేర్కొన్న స్వతంత్ర పరిష్కార సంస్థకు ఉచితంగా వెళ్లవచ్చు. లైసెన్సే లేని సైటు దగ్గర ఇవేవీ పనిచేయవు, వాళ్లు ఇస్తే తీసుకోవడమే.

నా మార్కులు: రికార్డు నాణ్యత బాగుంది, చాట్ దండగ. ఖాతా పేజీలోంచి వాలెట్ లాగ్ మనమే దించుకునే వీలు లేకపోవడం పెద్ద లోటు. ఇంకోటి, వరసగా ఓడిపోయి "ఆటలో మోసముంది" అని నిరూపించాలనుకునేవాళ్లకు ఈ లాగ్ పనికిరాదు. డబ్బు సరిగ్గా కదిలిందో లేదో చెబుతుందే తప్ప, ఫలితం ఎలా పుట్టిందో చెప్పదు.